సెన్సరీ కోర్సుకి మేనేజర్‌ని డబ్బులడిగే లెటర్

బరిస్టాగా చేస్తూ, కాఫీ రుచి, వాసన పట్టడం నేర్పే ఎస్‌సీఏ సెన్సరీ స్కిల్స్ ఫౌండేషన్ కోర్సుకి ఫీజు, జీతంతో సెలవు అడగాలంటే లెటర్‌ని "నేర్చుకోవాలని ఉంది సార్" అని కాకుండా సింకులో పారబోసిన ఎస్‌ప్రెసో షాట్లతో మొదలుపెట్టండి. నేను వారం పాటు గ్రైండర్ పక్కన కాగితం పెట్టి లెక్క రాశాను. లెటర్‌లో ఇలా పెట్టాను:

"సార్, పొద్దున గ్రైండ్ సెట్ చేసేలోపు రోజూ 7 షాట్లు పోతున్నాయి, షాటుకి 18 చొప్పున 126 గ్రాముల పొడి. పుల్లగా ఉంటే గ్రైండ్ సన్నగా మార్చాలి, కానీ పులుపునే చేదనుకుని ముతక వైపు తిప్పేస్తున్నాం. ఫీజు, ఒక మంగళవారం జీతంతో సెలవు ఇప్పించండి. షిఫ్టుకి మనిషిని మాట్లాడాను. వచ్చాక మనవాళ్లందరికీ మూడు కప్పుల టెస్టు పెడతా, రెండు ఒకటే కాఫీ, వేరేది ఏదో పట్టుకోవాలి."

ఫీజు మొత్తం కుదరదంటే సగమైనా అడగండి, సెలవు మాత్రం వదులుకోకండి.