గోనె సంచి మీద లోగో స్టిక్కర్‌లా కనిపిస్తే నేనేం చేశానంటే

ఎంవీపీ కాలనీలో అరకు కాఫీ అమ్మే ఒకన్నయ్య, గోనె సంచి ఫొటో మీద తన లోగో పెట్టి చూపించమన్నాడు. ముదురు ఆకుపచ్చ ఆకు, మధ్యలో తెల్లక్షరాలు. ఫొటోషాప్‌లో పెట్టగానే అచ్చం స్టిక్కర్ అంటించినట్టే ఉంది.

బ్లెండ్ మోడ్ Multiply పెట్టా, ఆకు బ్రహ్మాండంగా నారలోకి ఇంకిపోయింది, కానీ లోగో చుట్టూ పల్చటి బూడిదరంగు డబ్బా ఒకటి మిగిలింది. జేపీజీ కదా, చూస్తే దాని తెలుపు అచ్చ తెలుపైన 255 కాదు, 245 ఉంది. మల్టిప్లై కింది రంగుని 245/255తో గుణిస్తుంది, అంటే దాదాపు 4 శాతం నల్లబడుద్ది. Levels తెరిచి తెల్ల స్లైడర్‌ని 245 దాకా జరిపితే డబ్బా పోయింది.

అసలు తలనొప్పి అక్షరాలు. తెలుపుతో గుణిస్తే కింద గోనె గోనెలాగే ఉంటది కాబట్టి అక్షరాలు సంచి రంగులోకొచ్చేశాయి. అన్నయ్యేమో "తెల్ల ఇంకే వేయిస్తాన్రా" అన్నాడు. మల్టిప్లై కిందున్నదాన్ని నల్లబరచగలదు గానీ తెల్లబరచలేదు, ఎంత తిప్పినా దండగే.

అందుకని అక్షరాల్ని వేరే లేయర్‌లోకి తీసి Normalలోనే ఉంచి, లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి Blend Ifలో Underlying Layer నల్ల స్లైడర్‌ని కుడికి జరిపా. ఆల్ట్ నొక్కి దాన్ని రెండుగా చీల్చి 60, 110 దగ్గర పెట్టా (మీ ఫొటోకి వేరేగా ఉండొచ్చు). నార మధ్య చీకటి సందుల్లో తెలుపు మాయమై, పోగుల మీదే మిగిలింది. ఒపాసిటీ 90కి దించితే నిజంగా అచ్చేసినట్టే ఉంది.

సంచి మడత దగ్గర లోగో గీత మాత్రం ఇంకా తిన్నగానే పోతోంది, దానికి బ్లెండ్ మోడ్ పనికిరాదు, వార్ప్ చెయ్యాల్సిందే.