ఎస్ప్రెస్సో మెషిన్ కొనే ముందు ఈ ఒక్కటి చూసుకోండి

షాట్, అంటే ఒకసారి తీసిన కాఫీ, చెడిపోయినప్పుడు సరిచేసే పని మీది కావాలా, మెషిన్‌ది కావాలా అన్నది ముందు తేల్చుకోండి. సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో నీటి ఒత్తిడిని పంపు ఇస్తుంది, పొడి మెత్తదనం, తూకం, ఎప్పుడు ఆపాలన్నది మీ చేతిలో ఉంటాయి. ఉదాహరణకు 18 గ్రాముల పొడి వేస్తే 25-30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగాలి. అదే 15 సెకన్లకే దిగిపోయి పుల్లగా, పల్చగా ఉంటే తూకం మార్చకుండా పొడిని ఇంకాస్త మెత్తగా పట్టి మళ్లీ తీయండి. అందుకే బడ్జెట్‌లో మంచి గ్రైండర్‌కి డబ్బు తప్పకుండా పక్కన పెట్టండి, అది లేకపోతే ఎంత మెషిన్ కొన్నా దండగే.

చేత్తో నొక్కే లీవర్ మెషిన్‌లో ఒత్తిడి కూడా మీదే, మొదట పొడిని మెల్లగా తడిపి చివర్లో ఒత్తిడి తగ్గించొచ్చు, లైట్ రోస్ట్ గింజలకి ఇది బాగా పనికొస్తుంది. కానీ బాయిలర్ ఉన్న చిన్న లీవర్ మెషిన్లు వరసగా మూడు నాలుగు షాట్లు తీసేసరికి బాగా వేడెక్కి కాఫీ చేదెక్కుతుంది, ఇంటి నిండా చుట్టాలొచ్చే వాళ్లకి కష్టం.

పొద్దున్నే తీరిక లేకపోతే ఫుల్లీ ఆటోమేటిక్ తీసుకోండి, బటన్ నొక్కితే పొడి పట్టడం దగ్గర్నుంచి అంతా అదే చేస్తుంది. సర్దుబాట్లు మాత్రం కొన్నే ఉంటాయి. నూనె తేలిన డార్క్ రోస్ట్ గింజలు అందులో పోయకండి, లోపలి గ్రైండర్ జిగురెక్కిపోతుంది.