ఇయర్ కార్డు లెక్కేసేటప్పుడు అంకెలు ముందే విడగొట్టకండి
టారో రీడింగ్‌కి ముందు అవతలి వాళ్ల ఇయర్ కార్డు, అంటే ఆ ఏడాది వాళ్లకి ఎలా ఉంటదో చెప్పే కార్డు, ఏదో లెక్కేసి పెట్టుకోండి, పుట్టిన తేదీ, నెల, నడుస్తున్న ఏడాది కలపాలి అంతే, పుట్టిన సంవత్సరం అక్కర్లేదు. సెప్టెంబర్ 13 అనుకోండి, 13+9+2026 = 2048, ఇప్పుడు అంకెలు కూడితే 14, అంటే 14వ నంబర్ కార్డు టెంపరెన్స్. అదే మొదట్నుంచే అంకెలు విడగొట్టి కూడితే 23 వస్తది, ఈ లెక్కలో వాడే పెద్ద కార్డులు 22నే, అది దాటింది కదా మళ్లీ కూడి 5, హైరోఫాంట్‌కి పోతాం, 14 మిస్సయినట్టే. జాబ్ మారాలా అని అడిగినోళ్లకి స్ప్రెడ్‌లో ఉన్నది కూలిపోతదని చెప్పే టవర్ పడినా, ఓపిక పట్టమనే టెంపరెన్స్ ఏడాది కాబట్టి నేనైతే రేపే రిజైన్ చెయ్ అనను, ఇంకో ఆఫర్ చేతికొచ్చాకే అంటా. కార్డుని డెక్‌లోంచి మాత్రం తీయొద్దు, స్ప్రెడ్‌లో పడే ఛాన్సే పోతది, ఫోన్‌లో ఫొటో చాలు. అన్నట్టు మనోళ్లకి టెన్త్ మెమోలో డేట్ వేరే ఉంటది, అసలుది అడగండి.