వంట రీల్ నేర్చుకుందాం – 4వ పాఠం: తెర మీద ఏం రాయాలి, కింద ఏం రాయాలి

పోయిన పాఠంలో ఉగ్గాని షూట్ చేసి 30 సెకన్లకు కోసుకున్నాం. ఈసారి దానికి అక్షరాలు పెడదాం.

గద్వాలలోనూ మహబూబ్‌నగర్‌లోనూ పొద్దున్నే బండి దగ్గర పొట్లంలో ఉగ్గాని, పక్కన మిర్చి బజ్జీ పెట్టి ఇస్తారు. నేను మొదట చేసిన రీల్ ఆ ఉగ్గానిదే. అందులో తెర మీద "బొరుగులు నానబెట్టాలి", "ఉల్లిగడ్డలు వేయాలి", "బాగా కలపాలి" అని రాశాను. మర్నాడు మా చిన్నమ్మ ఫోన్ చేసి, "నువ్వు చెప్పినట్టే చేసిన బిడ్డా, అంతా ముద్దయింది" అంది. ఆమె బొరుగులను పది నిమిషాలు నీళ్లలో వదిలేసింది. తప్పు నాదే. ఉల్లిగడ్డలు వేస్తున్నది వీడియోలో కనబడుతూనే ఉంది, దాన్ని మళ్లీ రాశాను. ఎంతసేపు నానాలో కెమెరాకు కనబడదు, దాన్ని రాయలేదు.

అందుకని తెర మీద కెమెరా చూపించలేనిదే రాయండి: కొలత, సమయం, చేతికి తెలిసే గుర్తు. మన ఉగ్గానికి నేను ఇలా రాసుకున్నాను.

0–3 సెకన్లు: "ముద్ద కాని ఉగ్గాని, 10 నిమిషాల్లో"
3–6: "బొరుగులు 4 గ్లాసులు, ఇద్దరికి"
6–11: "నీళ్లలో 1 నిమిషమే. నొక్కితే లోపల గట్టిగా తగలొద్దు"
11–14: "నీళ్లు కారకుండా పిండాలి"
14–19: "ఉల్లిగడ్డ మెత్తబడితే చాలు"
19–23: "సన్న మంట, 2 నిమిషాలు"
23–30: "స్టవ్ ఆపాక: పుట్నాల పొడి 3 చెంచాలు, నిమ్మరసం"

మూడో లైనుకు అయిదు సెకన్లు ఇచ్చాను చూడండి. వంట చెడేది అక్కడే. లావు బొరుగులకు నిమిషం పడుతుంది, తేలికపాటి సన్నవి ముంచి తీస్తే చాలు. అందుకే నిమిషంతో పాటు "నొక్కితే" అనే గుర్తు కూడా రాశాను. సమయం అటూఇటూ అయినా చెయ్యి చెప్తుంది. చివరి లైనులో "స్టవ్ ఆపాక" అనే మాట వదలొద్దు. మంట మీద వేస్తే పొడి అడుగంటుతుంది, నిమ్మరసం చేదెక్కుతుంది.

ఒక లైను ఎంతసేపు ఉంచాలో తెలియకపోతే మామూలు వేగంతో రెండుసార్లు పైకి చదవండి. రెండోసారి పూర్తయ్యేలోపే మాయమైతే మాటలు తగ్గించండి, లేదా ఆ ముక్కను పొడిగించండి. బస్సులో సౌండ్ ఆపేసి చూసేవాళ్లకు ఆ అక్షరాలే దిక్కు.

ఇక అక్షరాలు ఎక్కడ పెట్టాలి? రీల్ ఫ్రేమ్ 1080 × 1920 పిక్సెళ్లు. అడుగున మీ పేరు, క్యాప్షన్ వస్తాయి, కుడి పక్కన లైక్, షేర్ గుర్తులు వస్తాయి. కాబట్టి అడుగు మూడో వంతు, పైన ఓ 250 పిక్సెళ్లు, కుడి అంచు ఖాళీగా వదిలేయండి. గిన్నె కిందికి ఉండేలా షూట్ చేయమని పోయిన పాఠంలో చెప్పింది ఇందుకే, అక్షరాలకు మధ్యలో చోటు దొరుకుతుంది.

తెలుగుకు ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్ కోసం చేసిన, అక్షరాల వెనక రంగు డబ్బా వచ్చే డిజైన్లలో మన ఒత్తులు కింద తెగిపోతాయి. "ఉల్లిగడ్డ" రాసి ల ఒత్తు, డ ఒత్తు పూర్తిగా కనబడుతున్నాయో లేదో చూడండి. తెగితే లైన్ల మధ్య ఎడం పెంచండి. ఒక్కో అక్షరం టైపవుతూ వచ్చే యానిమేషన్ వాడొద్దు, కొన్ని యాప్‌లలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనబడతాయి. లైను మొత్తం ఒకేసారి రావాలి.

క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, నొక్కకుండా కనబడేది మొదటి ముక్కే. "హాయ్ ఫ్రెండ్స్"తో దాన్ని ఖర్చు చేయొద్దు. నాది ఇది:

"ఉగ్గాని ముద్దవుతోందా? బొరుగులు ఎక్కువసేపు నానుతున్నాయి.
ఇద్దరికి: బొరుగులు (మరమరాలు) 4 గ్లాసులు, పెద్ద ఉల్లిగడ్డ 1, పచ్చిమిర్చి 4, పసుపు పావు చెంచా, పుట్నాల పొడి 3 చెంచాలు, నూనె 2 పెద్ద చెంచాలు, అర చెక్క నిమ్మరసం, తాలింపు గింజలు, కరివేపాకు.
బొరుగుల్లోనే కొంత ఉప్పుంటుంది. రుచి చూశాకే వేయండి."

బొరుగుల పక్కన మరమరాలు అని కావాలనే పెట్టాను. ఊరు మారితే పేరు మారుతుంది, వెతికేవాళ్లు ఏ పేరుతోనైనా వెతకొచ్చు. ఉప్పు సంగతి తెర మీద పట్టలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

వచ్చే పాఠం లోపు మీ రీల్‌ను సౌండ్ ఆపి, వంట రాని ఒకరికి చూపించండి. వాళ్లు ఏ ప్రశ్న అడిగితే అది రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో కవర్ ఫొటో మీద రాసే మాటను దాన్నుంచే తీద్దాం.