జీఎస్‌టీఆర్-3బీలో ఇన్‌పుట్ క్రెడిట్ సర్దుబాటు, మిగిలిన పన్ను చెల్లింపు విధానం

నెలవారీగా జీఎస్‌టీ రిటర్ను దాఖలు చేసే వ్యాపారి, ఒక నెల అమ్మకాలపై వసూలు చేసిన పన్నులోంచి, తాను కొనుగోళ్లపై కట్టిన పన్నును, అంటే ఇన్‌పుట్ క్రెడిట్‌ను, మినహాయించుకుని, మిగిలిన మొత్తాన్ని తరువాతి నెల 20వ తేదీలోగా జీఎస్‌టీఆర్-3బీ ద్వారా ప్రభుత్వానికి చెల్లించాలి. చూడటానికి ఇది ఒక్క తీసివేత లెక్కలా ఉంటుంది గాని, వేరే రాష్ట్రంతో జరిగే అమ్మకాలపై పడే ఐజీఎస్‌టీ, రాష్ట్రంలోపలి అమ్మకాలపై కేంద్రానికి పోయే సీజీఎస్‌టీ, రాష్ట్రానికి పోయే ఎస్‌జీఎస్‌టీ అనే మూడు ఖాతాల్లో ఏ క్రెడిట్ దేనికి వాడాలన్న వరుసను బట్టి చేతినుంచి కట్టే సొమ్ము మారిపోతుంది.

ముందుగా 11వ తేదీలోగా అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్-1 దాఖలు చేయాలి. మనకు దొరికే క్రెడిట్ల జాబితాగా 14వ తేదీన పోర్టల్‌లో తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీని కొనుగోలు బిల్లులతో పోల్చి చూడాలి. సరుకు అమ్మినవారు తమ రిటర్ను ఆలస్యంగా వేస్తే ఆ బిల్లు ఈ నెల 2బీలో కనిపించదు, దాని క్రెడిట్ తరువాతి నెలకు పోతుంది. బిల్లు చేతిలో ఉంది కదా అని 2బీలో లేని క్రెడిట్‌ను తీసుకుంటే తరువాత నోటీసుకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

సర్దుబాటుకు మూడు నిబంధనలు గుర్తుంచుకుంటే చాలు. ఐజీఎస్‌టీ క్రెడిట్‌ను ముందుగా ఐజీఎస్‌టీ బాకీకి వాడాలి, మిగిలినదాన్ని సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీలకు ఏ వరుసలోనైనా, ఏ నిష్పత్తిలోనైనా పంచుకోవచ్చు (నిబంధన 88ఏ). అది పూర్తిగా అయిపోయేదాకా మిగతా రెండు క్రెడిట్లను ముట్టుకోకూడదు. సీజీఎస్‌టీ క్రెడిట్ ఎస్‌జీఎస్‌టీ బాకీకి గాని, ఎస్‌జీఎస్‌టీ క్రెడిట్ సీజీఎస్‌టీ బాకీకి గాని పనికిరాదు.

విజయవాడలో ఎలక్ట్రికల్ సామాను అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. ఆ నెల హైదరాబాదుకు 2,00,000, ఆంధ్రప్రదేశ్‌లోనే 6,00,000 రూపాయల సరుకు అమ్మితే, 18 శాతం లెక్కన బాకీలు ఐజీఎస్‌టీ 36,000, సీజీఎస్‌టీ 54,000, ఎస్‌జీఎస్‌టీ 54,000 అవుతాయి. చెన్నైనుంచి తెచ్చిన సరుకుపై ఐజీఎస్‌టీ క్రెడిట్ 90,000, స్థానిక కొనుగోళ్లు, ఖర్చులపై సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ క్రెడిట్లు చెరి 18,000 ఉన్నాయి. ఐజీఎస్‌టీ బాకీ తీర్చాక 54,000 ఐజీఎస్‌టీ క్రెడిట్ మిగులుతుంది.

ఈ 54,000 మొత్తాన్ని సీజీఎస్‌టీ బాకీకే వేస్తే అది తీరిపోతుంది గాని, సీజీఎస్‌టీ క్రెడిట్ 18,000 వాడుకోవడానికి బాకీ లేక నిలిచిపోతుంది. ఎస్‌జీఎస్‌టీకి మాత్రం 18,000 క్రెడిట్ పోగా 36,000 నగదు కట్టాలి. అదే 54,000లో 36,000 సీజీఎస్‌టీకి, 18,000 ఎస్‌జీఎస్‌టీకి పంచి, ఆ తరువాత ఎవరి క్రెడిట్ వారికి వాడితే, ఎస్‌జీఎస్‌టీలో 18,000 మాత్రమే నగదుగా మిగులుతుంది. చెరి 27,000 పంచినా నగదు మొత్తం అంతే, కాకపోతే రెండు ఖాతాల్లో 9,000 చొప్పున కట్టాలి. మొదటి పద్ధతిలో నిలిచిన క్రెడిట్ పోదు, వచ్చే నెలకు వెళుతుంది. అయినా 18,000 రూపాయలు అవసరం లేకుండా ముందే కట్టినట్టవుతుంది. ఒక ఖాతాలో క్రెడిట్ మిగిలి ఉండగా మరో ఖాతాలో నగదు అడుగుతోందంటే పంపకం మరోసారి చూసుకోవాలని గుర్తు.

పోర్టల్‌లో Returns Dashboard నుంచి జీఎస్‌టీఆర్-3బీ తెరిచి, పట్టికలు సరిచూసి భద్రపరిచాక PROCEED TO PAYMENT నొక్కితే 6.1 పట్టిక వస్తుంది. అందులో పోర్టల్ సూచించిన అంకెలు ముందే నిండి ఉంటాయి, నిబంధనలకు లోబడి వాటిని మార్చుకోవచ్చు. చాలామంది వాటిని చూడకుండానే ముందుకు పోతారు. రెండు నిమిషాలు కాగితం మీద లెక్క వేసుకుని పోల్చుకోవడం మేలు.

రివర్స్ ఛార్జి కింద, అంటే అమ్మినవారి బదులు కొన్నవారే కట్టే పన్నుకు క్రెడిట్ వాడటం కుదరదు, నగదే కట్టాలి. పై దుకాణం స్థానిక లారీ ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీకి 20,000 కిరాయి ఇచ్చి, ఏజెన్సీ బిల్లులో పన్ను వేయకపోతే, 5 శాతం చొప్పున 1,000 రూపాయలు (చెరి 500) దుకాణమే కట్టాలి. ఆ 500, 500 పై 18,000 క్రెడిట్లలో కలిసే ఉన్నాయనుకుందాం. అప్పుడు 36,000, 18,000 పంపకంలో మొత్తం నగదు 19,000: సీజీఎస్‌టీ 500, ఎస్‌జీఎస్‌టీ 18,500.

CREATE CHALLAN ద్వారా ఈ రెండు మొత్తాలను వాటి వాటి గడుల్లో వేసి చలానా తీయాలి. చలానా 15 రోజులు చెల్లుతుంది. పొరపాటున 18,500 సీజీఎస్‌టీ గడిలో పడితే అది నేరుగా ఎస్‌జీఎస్‌టీకి పనికిరాదు, పీఎంటీ-09 ఫారంతో ఖాతా మార్చుకోవాలి. సొమ్ము నగదు లెడ్జర్‌లో చేరిందని చూసుకున్నాకే MAKE PAYMENT/POST CREDIT TO LEDGER నొక్కాలి, ఎందుకంటే ఆ మీట తరువాత సర్దుబాటును వెనక్కి తీసుకోలేరు. ఆ పిమ్మట డిజిటల్ సంతకంతో గాని ఫోనుకు వచ్చే ఈవీసీ కోడ్‌తో గాని రిటర్ను దాఖలు చేయాలి. సొమ్ము కట్టినంత మాత్రాన రిటర్ను దాఖలైనట్టు కాదు.

గడువు దాటి దాఖలు చేస్తే, నగదుగా కట్టవలసిన భాగంపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది: 19,000 పై 10 రోజులకు సుమారు 94 రూపాయలు. దానికితోడు రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, అంటే మరో 500.