రీల్ తీసేస్తే దాని మీద చేసిన రీమిక్స్‌లూ పోతాయా? డిలీట్ నొక్కే ముందు ఏం చేయాలి

ఆత్రేయపురంలో మా పిన్ని పూతరేకులు వేస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ. దాన్ని కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, కాగితంలాంటి రేకు లేచి వస్తుంది. నేను తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఆ రీల్ బాగానే తిరిగింది. చివర్లో డబ్బా మీది స్టిక్కర్ కూడా పడిందని నేను చూసుకోలేదు. దాని మీది పిన్ని పాత నంబర్ అప్పటికే కాకినాడలో చదువుకునే మా తమ్ముడి చేతికి వెళ్లిపోయింది. పరీక్షల రోజుల్లో వాడికి పూతరేకుల ఆర్డర్లు!

వెంటనే రీల్ డిలీట్ చేసేశాను. వారం తర్వాత పిన్ని ఫోన్: "ఒరేయ్, తీసేశానన్నావు కదరా, వాడికింకా ఫోన్లొస్తున్నాయంట!"

సంగతేమిటంటే, ఎవరైనా మన రీల్ పక్కన తమ ముఖం పెట్టి రీమిక్స్ చేసినప్పుడు అక్కడ మన రీల్‌కి ఒక లింకు మాత్రమే ఉంటుందనుకుంటాం. కాదు. మన బొమ్మా వాళ్ల బొమ్మా కలిసి కొత్త వీడియోగా తయారై, వాళ్ల ఖాతాలో వాళ్ల పోస్టుగా చేరుతుంది. మన రీల్ పోతే అసలుకి వెళ్లే దారి పోతుంది గానీ, ఆ వీడియోలో కలిసిపోయిన పిన్నీ, కుండా, నంబరూ అలాగే ఉంటాయి. ఇది ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ సంగతి. మిగతా యాప్‌లన్నిటికీ ఇదే లెక్క అనుకోకండి.

నేను చేసిన తప్పు వరుసలో ఉంది. మీరు ఇలా చేయండి.

1. ముందు రీమిక్స్‌లు వెతికి పట్టుకోండి. రీల్ ఇంకా ఉండగానే కింద కనిపించే ఆడియో పేరు నొక్కితే, అదే ఆడియోతో వచ్చిన రీల్స్ పేజీ తెరుచుకుంటుంది. రీమిక్స్ చేసినప్పుడు వచ్చిన నోటిఫికేషన్లు కూడా వెనక్కి వెళ్లి చూడండి. దొరికిన ప్రతిదాని `Copy link` తీసుకుని ఒకచోట దాచుకోండి. ఖాతా పేరు, ఎక్కడ ఏం కనబడుతోందో కూడా రాసుకోండి.

నేను ముందే డిలీట్ చేయడంతో ఆ ఆడియో పేజీకి వెళ్లే దారే మూసుకుపోయింది. అదృష్టం కొద్దీ, డిలీట్ చేసిన రీల్ `Recently deleted`లో 30 రోజుల వరకు ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ వెతికితే నాలుగు రీమిక్స్‌లు దొరికాయి.

2. కొత్తవి రాకుండా ఆపండి. రీల్ మీది మూడు చుక్కలు నొక్కి, remix లేదా reuse అనే మాట ఉన్న వరుసలో దాన్ని ఆపేయండి. అప్పటికే చేసినవి దీనితో పోవు. తలుపు వేస్తే లోపలికి వచ్చినవాళ్లు బయటికి పోరు కదా.

3. ఒరిజినల్ ఫైల్ దాచుకుని, డిలీట్‌కి బదులు `Archive` చేయండి. జనానికి కనబడదు, కానీ వ్యూస్, కామెంట్లు, తేదీ మీ దగ్గరే ఉంటాయి. రేపు ఫిర్యాదు పెట్టాల్సి వస్తే 'ఇది నాదే' అని చూపడానికి పనికొస్తుంది.

4. ఇక మనుషులతో మాట్లాడండి. నాలుగు ఖాతాలకూ ఒకే మెసేజ్ పెట్టాను: "అండీ, మీ రీల్‌లో కనబడే నంబర్ ఇప్పుడు మా తమ్ముడిది. పరీక్షల మధ్య వాడికి ఫోన్లు వస్తున్నాయి. దయచేసి తీసేయగలరా?" భీమవరం వైపు ఇద్దరు ఆ రోజే తీసేశారు. ఒకావిడ నంబర్ కనబడే ముక్క కోసి మళ్లీ పెట్టింది. నాలుగో ఆయన చూసి ఊరుకున్నాడు.

5. మాట వినకపోతే రిపోర్ట్. ఏ కారణం ఎంచుకుంటారన్నదే ఇక్కడ ముఖ్యం. చాలామంది నేరుగా కాపీరైట్ అంటారు. యాప్‌లోని రీమిక్స్ బటన్‌తో చేసినదానికి అది బలహీనమైన వాదన. పబ్లిక్‌గా పెట్టి, వాడుకోనిచ్చింది మనమే కదా. ఎవరైనా మీ వీడియో డౌన్‌లోడ్ చేసి తమదిగా పెట్టుకుంటే కాపీరైట్ ఫిర్యాదు గట్టిగా నిలబడుతుంది. ఫోన్ నంబర్, ఇంటి చిరునామా లాంటివి కనబడితే సొంత వివరాలు బయటపెట్టారని, పక్కన చేరి ఎగతాళి చేస్తే వేధింపు అని రిపోర్ట్ చేయండి. నంబర్ ఎన్నో సెకనులో కనబడుతుందో రాసి పెట్టుకోండి, వివరం అడిగినచోట అదే ఇవ్వొచ్చు.

తర్వాత చూసేటప్పుడు మీ ఖాతాతో కాకుండా ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో దాచుకున్న లింకు తెరవండి. అవతలివాడు మిమ్మల్ని బ్లాక్ చేసినా మీకు వీడియో పోయినట్టే కనబడుతుంది. నేనూ అలాగే మోసపోయాను. నాలుగోది పోయిందని సంబరపడితే, పిన్ని ఫోన్‌లో శుభ్రంగా ఆడుతోంది. చివరికి పిన్నే దాని కింద కామెంట్ పెట్టింది: "ఆ నంబర్ మాది కాదండి, కొత్త నంబర్ కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి." దాంతో ఆమెకు రెండు ఆర్డర్లు కూడా వచ్చాయి.