మార్కులు యావరేజ్, ప్రాజెక్టులు గట్టివి: ప్లేస్‌మెంట్ రెజ్యూమే అప్‌లోడ్ చేసేముందు చూసుకోవాల్సినవి

ఫైనల్ ఇయర్ మొదలైన కొన్నాళ్లకే ప్లేస్‌మెంట్ సెల్ నుంచి "రేపు సాయంత్రంలోగా రెజ్యూమే అప్‌లోడ్ చేయండి" అని మెసేజ్ వస్తుంది. ఆ రాత్రి హాస్టల్లో ఎవరో ఒక సీనియర్ ఫైలు తెచ్చుకుని, పేరు, ఫోన్ నంబరు మార్చి, అర్ధరాత్రికి పంపేస్తారు. సీజీపీఏ తొమ్మిది ఉన్నవాళ్లకు దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేదు, వాళ్ల మార్కులే వాళ్ల తరఫున మాట్లాడతాయి. ఆరూ ఆరున్నర దగ్గర ఉండి, ల్యాబ్‌లో రాత్రిళ్లు కూర్చుని నిజంగా ఏదో తయారు చేసినవాళ్లకే నష్టం. వాళ్ల బలమంతా ప్రాజెక్టు, అదేమో సీనియర్ ఫైలులో రెండు లైన్ల జాగాలో ఇరుక్కుపోతుంది.

ముందు కటాఫ్ సంగతి. రెజ్యూమే కటాఫ్‌ను దాటించదు, ఈ విషయంలో ఆశ పెట్టుకోవద్దు. నోటీసులో పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలి, పెండింగ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు అని రాస్తే, 58 ఉన్నవాళ్ల పేరు లిస్టులోకే రాదు. అయితే ఇక్కడ చాలామంది తెలియక చేసే తప్పు ఒకటుంది, సీజీపీఏని శాతంలోకి మార్చడం. 6.5 కదా, 65 శాతం అని ఫారంలో కొట్టేస్తారు. కానీ కొన్ని యూనివర్సిటీల సూత్రంలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి, అంటే సరిగ్గా 60. ఇంకొన్నింట్లో 0.75 తీసేయాలి, అప్పుడు 57.5. అదే 6.5, ఒకచోట కటాఫ్ దాటింది, ఇంకోచోట దాటలేదు. మీ రెగ్యులేషన్‌కు ఏ సూత్రమో మార్కుల మెమోలోనో రెగ్యులేషన్ బుక్‌లోనో చూసి, అనుమానం ఉంటే ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగి అప్పుడు నింపండి. 6.46ని 6.5 చేయొద్దు. ఆఫర్ వచ్చాక మెమోలు తెమ్మంటారు, అక్కడ తేడా కనిపిస్తే ఉద్యోగంలో చేరాక కూడా తీసేసే హక్కు వాళ్లకుంటుంది. మార్కుల్ని దాచేయడమూ వద్దు, దాచినట్టు తెలిసిపోతుంది. ఉన్న అంకె ఉన్నట్టు రాసి, చదువు వివరాలను పేజీలో కిందికి దించి, ప్రాజెక్టులను పైకి తెండి. కొన్ని కాలేజీల్లో అందరికీ ఒకటే టెంప్లేట్ ఇస్తారు, వరుస మార్చనివ్వరు. అలాంటప్పుడు కెరీర్ ఆబ్జెక్టివ్, హాబీలు, డిక్లరేషన్‌లలో తప్పనిసరి కానివి తీసేసి ఆ జాగా ప్రాజెక్టుకు ఇవ్వండి.

ఇక ప్రాజెక్టు. నేను జూనియర్ల రెజ్యూమేలు చూస్తుంటాను, వాటిలో ఒకటి బాగా గుర్తుండిపోయింది. ఈసీఈ అబ్బాయి, సీజీపీఏ 6.5, మట్టిలో తేమను బట్టి మోటారు దానంతటదే ఆన్ అయ్యే ఇరిగేషన్ సిస్టమ్ చేశాడు. రెజ్యూమేలు ఇంగ్లీషులోనే రాస్తాం కాబట్టి అతను రాసిన దాని అర్థం చెప్తాను: 'ఐఓటీ, మెషిన్ లెర్నింగ్ ఆధారిత స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్‌ను రూపొందించాం, నీటి వృథాను 40 శాతం తగ్గించాం.' చదవడానికి బాగానే ఉంది. "ఈ 40 ఎలా వచ్చింది?" అని అడిగాను. "ఏదో పేపర్లో ఉందన్నా" అన్నాడు. మెషిన్ లెర్నింగ్ ఎక్కడుందని అడిగితే, తేమ ఒక హద్దు కంటే తగ్గితే మోటారు ఆన్ చేసే `if` కండిషన్ చూపించాడు. ఒక్క వాక్యంలో రెండు గోతులు, రెండూ తను తవ్వుకున్నవే. ప్యానెల్లో కూర్చున్నవాళ్లు మొదట పట్టుకునేది ఆ రెండు మాటల్నే, అక్కడ తడబడితే మిగతా నిజమైన పనిని కూడా నమ్మరు.

"సరే, ఇది చేసేటప్పుడు నిన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఏంటి?" అని అడిగాను. అప్పుడు మొదలుపెట్టాడు, ఇరవై నిమిషాలు ఆపలేదు. సెన్సర్ రీడింగ్‌లు సీరియల్ మానిటర్‌లో చక్కగా వచ్చేవట, వైఫై కనెక్ట్ అవ్వగానే పాడైపోయేవట. సెన్సర్ పోయిందనుకుని రెండోది కొన్నాడు, వైర్లు మార్చాడు, ఫలితం లేదు. వైఫై కోడ్ తీసేస్తే రీడింగ్ బాగుంటుంది, పెడితే పోతుంది. అలా తిప్పలు పడి చివరికి అసలు కారణం పట్టుకున్నాడు. అతను వాడిన ఈఎస్‌పీ32 బోర్డులో సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీలు రెండు ఉంటాయి, రెండోదాన్ని వైఫై వాడుకుంటుంది, ఇతను సెన్సర్‌ను పెట్టిన `GPIO27` ఆ రెండోదాని కిందికే వస్తుంది. వైరు తీసి మొదటి ఏడీసీ కిందికి వచ్చే `GPIO34`కి మార్చాడు, సమస్య పోయింది. రెజ్యూమేలో దీని గురించి ఒక్క అక్షరం లేదు! "అది బగ్ కదన్నా, అది కూడా రాస్తారా?" అన్నాడు.

రాయాలి. మార్కులు తక్కువున్న రెజ్యూమేలో ప్యానెల్‌కు ఉండే అనుమానం ఒక్కటే, ఇది వీడు చేశాడా, రెడీమేడ్‌గా కొన్నాడా అని. కిట్ కొనుక్కున్నవాడికి ఏ పిన్ను ఎందుకు మార్చారో తెలియదు. ఆ ఒక్క లైను ఆ అనుమానాన్ని తీర్చేస్తుంది, పైగా తర్వాతి ప్రశ్న ఏదొస్తుందో మీకు ముందే తెలుస్తుంది.

అంకె విషయంలో కూడా అతన్ని వెనక్కి పంపాను. ఎలా కొలవాలంటే, పంపు కింద లీటరు సీసా పెట్టి నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడమన్నాను, 40 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి లీటరున్నర. రెండు కుండీలు తీసుకుని, ఒకదానికి చేత్తో రోజూ అర లీటరు, రెండోదానికి సిస్టమ్‌తో, 7 రోజులు పోశాడు. చేత్తో పోసినవి మూడున్నర లీటర్లు. సిస్టమ్ పంపు ఏడు రోజుల్లో మొత్తం 104 సెకన్లు నడిచింది, అంటే 2.6 లీటర్లు. తేడా 0.9 లీటరు, సుమారు 26 శాతం. ఇది చిన్న ప్రయోగం, రెండు కుండీల మీద చేసింది, దీన్ని పొలానికి వర్తింపజేయలేం. ఆ సంగతి రెజ్యూమేలోనే ఉండాలి, '2 కుండీల మీద 7 రోజుల పరీక్షలో' అని. పేపర్లోంచి ఎత్తిన 40 కంటే కుండీల దగ్గర కొలిచిన 26 ఎంతో మేలు, ఎందుకంటే దీన్ని ఎలా అడిగినా చెప్పగలడు.

చివరికి ఆ ప్రాజెక్టు కింద మూడు లైన్లు మిగిలాయి. ఈఎస్‌పీ32, కెపాసిటివ్ తేమ సెన్సర్, రిలేతో పంపును నడిపే సిస్టమ్, అందులో ఫర్మ్‌వేర్, సెన్సర్ కాలిబ్రేషన్ తను చేశాడు అన్నది మొదటిది. వైఫై ఆన్‌లో ఉన్నప్పుడు రీడింగ్ పాడవడానికి కారణం కనుక్కుని పిన్ను మార్చి సరిచేశాడు అన్నది రెండోది. మూడోది 26 శాతం, అది ఎలా కొలిచాడన్న వివరంతో. మెషిన్ లెర్నింగ్ అన్న మాట ఎగిరిపోయింది.

మొదటి లైనులో 'తను చేశాడు' అన్న ముక్క మీద కాస్త ఆగాలి. అది నలుగురి టీమ్ ప్రాజెక్టు. నలుగురి రెజ్యూమేల్లోనూ అదే పేరు, అవే లైన్లు ఉండేవి, నలుగురూ అదే రోజు అదే ప్యానెల్ ముందుకు వెళ్లబోతున్నారు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి ప్యానెల్‌కు విషయం అర్థమైపోతుంది, 'మరి నువ్వేం చేశావ్?' అనే ప్రశ్న పదునుగా వస్తుంది. అప్‌లోడ్ చేసేముందు నలుగురూ కూర్చుని ఎవరు నిజంగా ఏం చేశారో విడగొట్టుకోండి. ఒకరు సర్క్యూట్, ఒకరు ఫర్మ్‌వేర్, ఒకరు మొబైల్ యాప్, ఇంకొకరు టెస్టింగ్, రిపోర్టు. ఏమీ చేయని స్నేహితుడు ఉంటే ఇబ్బందే, ఒప్పుకుంటాను, కానీ మీ పనిని అతనికి పంచితే ఇద్దరూ మునుగుతారు. అతను ఇప్పుడైనా కూర్చుని మళ్లీ టెస్ట్ చేసి నాలుగు రీడింగ్‌లు తీసుకోవచ్చు, అది అతని సొంత పని అవుతుంది.

స్కిల్స్ లిస్టు పొడుగ్గా ఉంటే ప్యానెల్ అందులో మీకు రానిదాన్నే అడుగుతుందని అనుకుని రాయండి. సీ, ఆర్డ్యునో, ఈఎస్‌పీ32, కొద్దిగా పైథాన్ అని ఉంటే చాలు. రెండో ఏడాదిలో ఒక్క ల్యాబ్‌లో ముట్టుకున్న మాట్‌లాబ్ అక్కర్లేదు. నేను పెట్టుకునే పరీక్ష ఏంటంటే, ఆ పేరు మీద పది నిమిషాలు ప్రశ్నలు వేస్తే తట్టుకోగలనా? లేకపోతే తీసేస్తాను. ఇదే పరీక్ష ప్రాజెక్టులోని ప్రతి పదానికీ పెట్టండి. కెపాసిటివ్ సెన్సర్ అని రాశారంటే, రెసిస్టివ్ ఎందుకు వాడలేదని అడుగుతారు. రెసిస్టివ్ సెన్సర్ లోహపు పుల్లలు తడి మట్టిలో, కరెంటు పారుతుండగా తుప్పు పట్టి రీడింగ్ మారిపోతుందని చెప్పగలగాలి. బ్లాక్ డయాగ్రమ్ పెన్నుతో తెల్ల కాగితం మీద గీయడం రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేయండి, గీయమని అడుగుతారు.

కోడ్ లింక్ ఇస్తున్నారా? ఇవ్వండి, కానీ ముందు ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. మీ లాగిన్‌లో బాగానే తెరుచుకుంటుంది, రిపాజిటరీ ప్రైవేట్‌లో ఉంటే బయటివాళ్లకు ఎర్రర్ వస్తుంది. ఆ అబ్బాయి కోడ్‌లో హాస్టల్ వైఫై పాస్‌వర్డ్ ఉంది. చెప్పగానే ఫైలులోంచి తీసేశాడు, కానీ పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ ఏ పేరుతో రాసి ఉంటే ఆ పేరు పెట్టి వెతకండి:

```
git log -p -S "WIFI_PASS"
```

ఏదైనా కనిపిస్తే ముందు పాస్‌వర్డ్ మార్చండి, లేదా మార్చగలిగినవాళ్లకు చెప్పండి. తర్వాత కొత్త రిపాజిటరీలో శుభ్రమైన కోడ్ పెట్టి, రీడ్‌మీలో సర్క్యూట్ ఫొటో ఒకటి, పిన్ కనెక్షన్లు, కుండీల రీడింగ్‌ల పట్టిక ఉంచండి. రీడ్‌మీ లేని రిపాజిటరీలోకి వెళ్లినవాళ్లు ఎక్కువసేపు ఉండరు.

చివరగా ఫైలు. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు కాలమ్‌ల అందమైన టెంప్లేట్లలో కొన్నిసార్లు ఎడమ లైను, కుడి లైను కలిసిపోయి గందరగోళంగా వస్తాయి. ఫోన్ నంబరు పక్కన బొమ్మలు పెడితే అక్కడ అర్థంలేని గుర్తులు వస్తాయి. రెజ్యూమేలను సాఫ్ట్‌వేర్‌తో వడపోసే కంపెనీ అయితే అది చదివేది దాదాపు అలాగే ఉంటుంది. ఏమీ పేస్ట్ కాకపోతే మీ ఫైలు ఒక బొమ్మ అన్నమాట, మళ్లీ చేయాలి. ఒకటే కాలమ్, ఒకటే పేజీ, ఫైలు పేరులో మీ పేరు, బ్రాంచ్. `Resume_final_new(2).pdf` అని పంపితే ప్లేస్‌మెంట్ సెల్ ఫోల్డర్‌లో అది ఎవరిదో తెలియదు.

అప్‌లోడ్ చేసిన ఆ ఫైలునే రెండు కాపీలు ప్రింట్ తీసి పెట్టుకోండి. తర్వాత మెరుగుపరిచి కొత్త ప్రింట్ పట్టుకెళ్తే ప్యానెల్ చేతిలో ఒకటి, మీ చేతిలో ఇంకొకటి ఉంటాయి, వాళ్లు 'మూడో లైన్లో రాశావు కదా' అన్నప్పుడు మీ కాగితంలో ఆ లైనే ఉండదు.